రొమ్ములో గడ్డ.. నీటితిత్తా? కణితా?

రొమ్ములో చేతికి గడ్డ తగలగానే క్యాన్సరేమోననే భయం పట్టుకుంటుంది. డాక్టర్‌ అల్ట్రాసౌండ్‌ చేయిస్తారు. రిపోర్టులో ‘సిస్ట్‌’ అనే మాట కనిపించగానే ‘హమ్మయ్య, నీటితిత్తే’ అనుకొని కాగితం పక్కన పెట్టేస్తారు చాలామంది. మీరూ అలాగే చేస్తుంటే కాస్త ఆగండి. ఆ మాట ముందూ వెనకా ఏం రాశారో చూడటం ముఖ్యం.

నీరైతే ఎలా కనిపిస్తుంది?

అల్ట్రాసౌండ్‌ యంత్రం శబ్ద తరంగాలను లోపలికి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో బొమ్మ గీస్తుంది. స్వచ్ఛమైన నీటిలో ప్రతిధ్వని పుట్టదు. అందుకే మామూలు నీటితిత్తి లోపలంతా నల్లగా కనిపిస్తుంది. దీన్నే రిపోర్టులో ‘అనెకోయిక్‌’ అని రాస్తారు. దాని ఆకారం గుండ్రంగానో, కోడిగుడ్డులానో ఉంటుంది. అంచు సన్నగా, నున్నగా ఉంటుంది. నీరు శబ్దాన్ని పెద్దగా పీల్చుకోదు కాబట్టి తిత్తి వెనక భాగం చుట్టుపక్కల కన్నా తెల్లగా మెరుస్తుంది. ఈ లక్షణాలన్నీ ఉంటే అది హాని లేని తిత్తి. దీన్ని బైరాడ్స్‌ 2గా లెక్కిస్తారు. నొప్పి వంటి ఇబ్బందులేవీ లేకపోతే చికిత్సే అక్కర్లేదు.

అనుమానం ఎప్పుడు?

క్యాన్సర్‌ కణితి చుట్టూ ఉన్న కణజాలంలోకి చొచ్చుకుపోతుంది. కాబట్టి దాని అంచు నున్నగా ఉండక మసకగానో, కోణాలుగానో, ముళ్లలా పొడుచుకొచ్చినట్టో కనిపిస్తుంది. హాని లేని గడ్డలు సాధారణంగా చర్మానికి సమాంతరంగా, అడ్డంగా పెరుగుతాయి. క్యాన్సర్‌ పొరలను దాటుకుంటూ పెరగటం వల్ల బొమ్మలో వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా ఉండొచ్చు. కొన్ని గట్టి కణితులు శబ్దాన్ని పీల్చేసుకోవటం వల్ల వెనక నల్లటి నీడ పడుతుంది. నీటితిత్తి వెనక కనిపించే మెరుపునకు ఇది పూర్తిగా భిన్నం.

మధ్యలో ఉండేవి

కొన్ని తిత్తుల్లో నీరు చిక్కబడి, లోపల సన్నటి చుక్కల్లా కనిపిస్తుంది. వీటిని ‘కాంప్లికేటెడ్‌ సిస్ట్‌’ అంటారు. వీటిలో క్యాన్సర్‌ ఉండే అవకాశం 2 శాతం లోపే. అందువల్ల చాలాసార్లు 6 నెలల తర్వాత మళ్లీ స్కాన్‌ చేస్తే చాలు. ‘కాంప్లెక్స్‌ సిస్ట్‌’ సంగతి వేరు. దీనిలో గోడ గానీ, మధ్యనున్న అడ్డు పొరలు గానీ మందంగా ఉంటాయి. లేదూ గోడకు అంటుకొని గట్టి బుడిపె ఉంటుంది. దీనికి సూదితో ముక్క తీసి పరీక్షించే బయాప్సీ తప్పనిసరి. పేర్లు దగ్గరగా ఉన్నా చేయాల్సిన పని పూర్తిగా వేరు.

ఒక రిపోర్టును చదువుదాం

44 ఏళ్ల మహిళకు ఎడమ రొమ్ములో గడ్డ తగిలిందనుకుందాం. స్కాన్‌లో 18 మిల్లీమీటర్ల నల్లటి తిత్తి కనిపించింది. అంచు నున్నగా, వెనక మెరుపుతో ఉంది. చేతికి తగిలింది ఇదే. కానీ అదే రొమ్ములో, కాస్త లోపల ఇంకొకటి ఉంది. దాని వెడల్పు 7 మిల్లీమీటర్లు, ఎత్తు 9. అంచు కోణాలుగా ఉంది, వెనక నీడ పడింది. ఇది చేతికి తగల్లేదు, నొప్పీ లేదు. మొదటిది బైరాడ్స్‌ 2 అయినా మొత్తం రిపోర్టు అంకె అన్నింటికన్నా అనుమానాస్పదమైన దాన్ని బట్టే ఉంటుంది. అందుకే చివర బైరాడ్స్‌ 4 అని రాశారు. మొదటి వరుసలో ‘సిస్ట్‌’ చూసి ఊరుకుంటే అసలైన గడ్డను వదిలేసినట్టే.

నలుపంతా నీరు కాదు

యంత్రంలో ‘గెయిన్‌’ మరీ తగ్గిస్తే గట్టి కణితి కూడా నల్లగా తిత్తిలా కనిపించొచ్చు. మరీ పెంచితే మామూలు తిత్తిలోనూ లేని చుక్కలు పుట్టుకొస్తాయి. వేగంగా పెరిగే కొన్ని క్యాన్సర్లు గుండ్రంగా, నున్నటి అంచుతో, వెనక మెరుపుతోనూ ఉంటాయి. ఇలాంటప్పుడు కలర్‌ డాప్లర్‌ తోడ్పడుతుంది. గడ్డ లోపల రక్త ప్రసారం కనిపిస్తే అది కేవలం నీరు కాదన్నమాట. అయితే రక్త ప్రసారం కనిపించనంత మాత్రాన క్యాన్సర్‌ లేదని తేల్చలేం.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే చివరనున్న బైరాడ్స్‌ అంకె చూడండి. 3 ఉంటే చెప్పిన గడువుకు మళ్లీ స్కాన్‌ చేయించుకోండి. 4 గానీ 5 గానీ ఉంటే బయాప్సీని వాయిదా వేయొద్దు. 4 అంటే క్యాన్సర్‌ తేలినట్టు కాదు, బయాప్సీ చేసినవాటిలో చాలావరకు హాని లేనివేనని తేలుతుంది. రిపోర్టు మామూలుగానే ఉన్నా గడ్డ చేతికి తగులుతూనే ఉంటే, పెరుగుతుంటే డాక్టర్‌కు మళ్లీ చూపించుకోండి.