ముందు ఏ పన్ను, ఎందుకు?

బీడీఎస్ నాలుగో ఏడాది విద్యార్థికి కేసు షీటు ఇచ్చి చికిత్స ప్రణాళిక రాయమంటే, చాలామంది పళ్ల జాబితా రాస్తారు. ఈ పన్నుకు ఫిల్లింగ్, ఆ పన్నుకు రూట్ కెనాల్, ఇది తీసేయాలి, అక్కడ బ్రిడ్జి కట్టాలి. ఒక్కో పన్నుకూ రాసింది సరిగ్గానే ఉంటుంది. ఎగ్జామినర్ మాత్రం వేరే ప్రశ్న అడుగుతారు. "వీటిలో ముందు ఏది చేస్తావు? ఎందుకు?" ఈ మనిషికి ఇన్ని పళ్లు ఇప్పుడే ఎందుకు పుచ్చాయో తెలిస్తే తప్ప దీనికి జవాబు రాదు. ఆ కారణాలు వెతికి, ఇకముందు కొత్తగా పళ్లు పుచ్చే అవకాశం ఎంతో తూచడాన్నే దంతక్షయ ముప్పు అంచనా అంటాం.

విద్యార్థుల చేత సాధన చేయించడానికి కూర్చిన ఒక కేసు తీసుకుందాం. రోగి కల్పితం. ఇలాంటి నోళ్లు కాలేజీ ఓపీలో రోజూ కనిపిస్తాయి.

ఆమెకు ముప్ఫై నాలుగేళ్లు. చీరల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్‌లో పని. కింద కుడివైపు మొదటి పెద్ద దవడపన్ను నాలుగు రోజులుగా సలుపుతోంది, రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువ. పైన ఎడమవైపు దవడపన్ను విరిగి మొండి మాత్రమే మిగిలింది. పైన కుడివైపు, కింద ఎడమవైపు దవడపళ్లలో లోతుగా పుచ్చుంది, నొప్పి మాత్రం లేదు. ఏడాదిన్నర క్రితం వేయించుకున్న ఒక ఫిల్లింగ్ అంచు చుట్టూ మళ్లీ పుచ్చింది. పై ముందు పళ్లకు చిగురు పక్కన సుద్ద పూసినట్టు తెల్లటి చారలు. ఎక్స్‌రేలో రెండు చిన్న దవడపళ్ల మధ్య ఎనామిల్ దాటని సన్నటి నీడ. రెండు నెలల్లో తమ్ముడి పెళ్లి ఉంది, ఆలోపు ఖాళీ కనబడకుండా పన్ను కట్టించుకోవాలని ఆమె కోరిక.

ఇక్కడిదాకా విద్యార్థులందరూ బాగానే రాస్తారు. తర్వాతి గడిలో 'మెడికల్ హిస్టరీ: చెప్పుకోదగ్గది లేదు' అని రాసేస్తారు. "బీపీ, షుగర్ ఉన్నాయా అమ్మా?" అని అడిగితే ఆమె లేవంటుంది, ఆ మాట నిజమే. "రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటారా?" అని అడిగినప్పుడే అసలు సంగతి బయటికొస్తుంది. పార్శ్వపు తలనొప్పికి రెండేళ్లుగా రాత్రిపూట అమిట్రిప్టిలిన్ వేసుకుంటోంది. ఆ మందు తలనొప్పిని అదుపులో పెడుతుంది, లాలాజలాన్నీ తగ్గిస్తుంది. నోరు పిడచకట్టుకుపోతోందని ఆమె కౌంటర్ దగ్గర ఒక డబ్బా పెట్టుకుని పిప్పరమెంటు బిళ్లలు చప్పరిస్తూ ఉంటుంది. పళ్లు పుచ్చడం మొదలైందీ ఆ రెండేళ్లలోనే.

నోరు ఎండిపోతోందన్న మాట విని ఊరుకోకూడదు, కొలవాలి. దానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. గంటన్నరగా ఏమీ తినని, తాగని రోగిని కుదురుగా కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ఊరిన ఉమ్మి దానంతటదే గీతలున్న చిన్న కప్పులోకి జారేలా అయిదు నిమిషాలు పట్టిస్తాం. మామూలుగా నిమిషానికి 0.3 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. 0.1 కన్నా తగ్గితే నోరు ప్రమాదకరంగా ఎండినట్టే. ఈమెకు అయిదు నిమిషాల్లో వచ్చింది 0.4 మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి 0.08.

ఆ తర్వాత ఆహారం. మూడు రోజులు తిన్నదీ తాగిందీ వేళలతో సహా రాసుకురమ్మంటాం, అందులో ఒకటి సెలవురోజు కావాలి. చాలామంది ఇడ్లీ, అన్నం, కూర రాస్తారు గానీ బిళ్లలు రాయరు. వాళ్ల దృష్టిలో అది తిండి కాదు మరి. అందుకే కాగితం తీసుకుని ఊరుకోకుండా పక్కన కూర్చుని అడగాలి. లెక్క తేలింది ఇది: చక్కెర వేసిన టీ నాలుగు సార్లు, బిళ్లలు పది. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాలకే పాచిలోని బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ 5.5 కన్నా దిగితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. పద్నాలుగు సార్లంటే రోజుకు ఏడు గంటలు. అది కూడా లాలాజలం సరిగ్గా ఉన్నవాళ్ల లెక్క. ఎంత చక్కెర తిన్నారన్నదాని కన్నా ఎన్ని సార్లు తిన్నారన్నదే పంటికి ముఖ్యం.

మూడోది, జబ్బు ఇప్పుడు కదలికలో ఉందా, ఆగిపోయిందా చూడటం. ముందు పళ్లను శుభ్రం చేసి, గాలి కొట్టి అయిదు సెకన్లు ఆరబెట్టాలి. తెల్లచార సుద్దలా మెరుపు లేకుండా ఉండి, గుండ్రటి మొన ఉన్న ప్రోబ్‌ను మెల్లగా జరిపితే గరుగ్గా తగిలితే అది ఇంకా ముదురుతున్న క్షయం. నున్నగా మెరుస్తుంటే ఆగిపోయిన క్షయం. వాడి మొన ఉన్న ఎక్స్‌ప్లోరర్‌తో గుచ్చి చూడటం పాత అలవాటు. పైపొర కింద మెత్తబడిన ఎనామిల్ ఆ పోటుకు విరిగిపోవచ్చు. తనంతట తాను మానగలిగిన చోట మనమే గుంత చేసినట్టవుతుంది. ఈమె చారలు గరుగ్గా ఉన్నాయి.

అమెరికాలో కాలిఫోర్నియా దంతవైద్యులు రూపొందించిన కాంబ్రా పద్ధతిలో ముప్పును నాలుగు మెట్లుగా చూస్తారు: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, అత్యధికం. కంటికి కనిపించే పుచ్చు గానీ, గత మూడేళ్లలో పుచ్చి వేయించుకున్న ఫిల్లింగ్ గానీ ఉంటే చాలు, ముప్పు ఎక్కువ కిందే లెక్క. దానికి నోరు తీవ్రంగా ఎండటం తోడైతే అత్యధికం. ఈమెది అదే. మెట్టు పేరు రాసి ఊరుకున్న విద్యార్థికి నేను సగం మార్కులే వేస్తాను. ఆ మెట్టుకు ఎక్కించిన కారణాల్లో మార్చగలిగేవి ఏవో రాస్తే మిగతా సగం. ఇక్కడ మార్చగలిగేవి రెండు, మాత్ర, బిళ్లలు. ప్రణాళిక ఈ రెండింటి చుట్టూ తిరగాలి.

ఇక వరస. మొదటి రోజు పని ఒక్కటే, సలుపుతున్న పన్ను. దానంతటదే వచ్చే నొప్పి, చల్లనిది తగిలాక చాలాసేపు నిలిచే నొప్పి అంటే లోపలి గుజ్జు కోలుకోనంతగా వాచిందని అర్థం. మత్తిచ్చి, పన్ను తెరిచి, గుజ్జు తీసి, తాత్కాలిక సిమెంటుతో మూస్తాం. అమిట్రిప్టిలిన్ వాడేవారికి అడ్రినలిన్ కలిసిన మత్తు ఇంజెక్షన్ తక్కువ మోతాదులో, రక్తనాళంలోకి పోకుండా చూసుకుంటూ ఇవ్వాలి. మాత్రల గురించి అడగని విద్యార్థి ఇక్కడ మళ్లీ దొరికిపోతాడు. చాలామంది అలవాటుగా యాంటీబయాటిక్ కూడా రాస్తారు. వాపు గానీ జ్వరం గానీ లేనప్పుడు ఈ నొప్పికి అది పనిచేయదు. మొండిపన్ను కూడా అదే రోజు తీసేయాలనిపిస్తుంది. అటు కుడివైపు, ఇటు ఎడమవైపు రెండూ ఒకేసారి ముట్టుకుంటే ఆమె నమలడానికి నోట్లో చోటు మిగలదు. దాన్ని వచ్చే వారం సెలవురోజుకు పెట్టాలి.

రెండో దశకు క్షయాన్ని అదుపు చేయడమని పేరు. విద్యార్థులు దీన్ని 'బ్రషింగ్ పద్ధతి చెప్పాలి' అని ఒక్క లైనులో దాటేస్తారు. ఈ కేసులో అసలు చికిత్స ఇదే. ఆమె వైద్యుడికి ఉత్తరం రాయాలి: నోరు ఇంతగా ఎండుతోంది, లాలాజలం కొలత ఇది, మోతాదు తగ్గించడానికో వేరే మందుకో వీలుందా? మాత్ర మానెయ్యమని మనం ఆమెకు చెప్పకూడదు. ఆమెకు తలనొప్పి తిరగబెడుతుంది, మన మీద నమ్మకం పోతుంది. బిళ్లల బదులు చక్కెర లేని జైలిటాల్ చూయింగ్ గమ్. నమలడం వల్ల ఉన్న లాలాజలం కాస్త ఎక్కువగా ఊరుతుంది. టీ మానమంటే ఎవరూ మానరు. నాలుగింటిలో రెండింటిని భోజనం, టిఫిన్ వేళకు జరిపి, మిగతా రెండూ చక్కెర లేకుండా తాగమంటే వింటారు. బ్రష్ చేశాక నురగ ఉమ్మేయాలి, నీళ్లతో పుక్కిలించి ఉన్న ఫ్లోరైడ్ అంతా కడిగేయకూడదు. ఇలాంటి నోటికి అమెరికా పుస్తకాల్లో 5000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు రాసి ఉంటుంది. మన దేశంలో టూత్‌పేస్టులో 1000 పీపీఎం మించకూడదన్నది నిబంధన. ఆ లోటు పూడ్చడానికి ఫ్లోరైడ్ వార్నిష్ మీద ఎక్కువగా ఆధారపడాలి. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్‌లో 22,600 పీపీఎం ఉంటుంది. మూడు నెలలకోసారి పళ్లన్నిటికీ పూయాలి.

ఇదే దశలో పుచ్చులన్నిటినీ ఒకటి రెండు సిట్టింగుల్లో మూసేయాలి, గ్లాస్ అయానోమర్ సిమెంటుతో. పుచ్చులు బాక్టీరియాకు గూళ్లు. ఒక్కో పన్నునూ అందంగా పూర్తిచేస్తూ నెలలు తీసుకుంటే మిగతా పళ్లు ఈలోపు ముదురుతాయి. నొప్పి లేని ఆ రెండు లోతైన దవడపళ్లను ముందు చల్లదనంతో పరీక్షించి, గుజ్జు బతికే ఉందని తేల్చుకోవాలి. అంచుల దగ్గర గట్టి పన్ను వచ్చేదాకా శుభ్రం చేసి, అడుగున గుజ్జుకు ఆనుకున్న మెత్తటి పొరను కొద్దిగా ఉంచేయాలి. పైన గట్టిగా మూస్తే బాక్టీరియాకు ఆహారం అందదు, ఆ పొర గట్టిపడుతుంది. అంతా తవ్వేస్తే గుజ్జు బయటపడి, అక్కర్లేని రూట్ కెనాల్ రెండు పళ్లకు వచ్చిపడుతుంది. కుడివైపు పన్ను రూట్ కెనాల్ పూర్తిచేయడమూ ఈ వారాల్లోనే. తెల్లచారలకూ, చిన్న దవడపళ్ల మధ్య నీడకూ డ్రిల్లు తగలకూడదు. వాటికి వార్నిషే మందు.

పెళ్లి సంగతి ఇప్పుడు చెప్పాలి. బ్రిడ్జి కట్టాలంటే ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీయాలి. క్షయం ఉధృతంగా ఉన్న నోట్లో ఆ పళ్ల మెడ దగ్గర, క్యాప్ అంచు కింద మళ్లీ పుచ్చుతుంది, ఈసారి బయటికి కనబడకుండా. పైగా పన్ను తీసిన చోట ఎముక, చిగురు కుదురుకోవడానికి ఎలాగూ మూడు నెలలు కావాలి. పెళ్లికి తీసి పెట్టుకునే కట్టుడు పన్ను ఇవ్వొచ్చు, రాత్రి తీసి పడుకోవాలని చెప్పి. రూట్ కెనాల్ చేసిన పన్ను క్యాప్ లేకుండా నమిలితే విరిగే భయముంది. దాని గోడలను తగ్గించి, కాంపోజిట్‌తో పైనంతా కప్పి ఉంచాలి. ఈ రెండు ఏర్పాట్లూ, వాటి కారణాలూ ప్రణాళికలో రాసిన విద్యార్థి రోగి మాట విన్నట్టు.

మూడో నెలలో పునఃపరిశీలన. లాలాజలం మళ్లీ కొలవాలి, ఆహారం మళ్లీ రాయించాలి, తెల్లచారల మీద ప్రోబ్ మళ్లీ జరపాలి. చారలు నున్నబడి, కొత్త పుచ్చు లేకపోతే క్యాప్, బ్రిడ్జి, సిమెంటు స్థానంలో శాశ్వత ఫిల్లింగులు. చారలు ఇంకా గరుగ్గానే ఉంటే బ్రిడ్జి ఆగుతుంది, మళ్లీ రెండో దశ. బిళ్లల డబ్బా తిరిగి వచ్చిందేమో, వైద్యుడు మందు మార్చాడో లేదో కనుక్కోవాలి. ఈ షరతు రాయని ప్రణాళికలో పునఃపరిశీలన అన్న మాటకు అర్థం లేదు.

ఆపైన మూడు నెలలకోసారి వార్నిష్, ఏడాదికోసారి ఎక్స్‌రే. చిన్న దవడపళ్ల మధ్య నీడ ఉన్నచోటే ఉంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఎనామిల్ దాటి డెంటిన్‌లోకి దిగితే అప్పుడు ఫిల్లింగ్, దాంతోపాటు ముప్పు అంచనా మళ్లీ మొదటి నుంచి.