అడకత్తెరలో బ్యాటర్

సందులో క్రికెట్ మొదలవ్వాలంటే టాస్ కన్నా ముందు తేలాల్సినవి కొన్ని ఉంటాయి. ‘వన్ పిచ్ వన్ హ్యాండ్ ఉందా?’ అని ఒకడు అడుగుతాడు. ‘టిప్ అండ్ రన్నా, మామూలేనా?’ అని ఇంకొకడు. ‘లాస్ట్ మ్యాన్ బ్యాటింగ్ ఉంది కదా?’ అని ఆఖరున దిగేవాడు ముందే గొంతు పెంచుతాడు. చివరికి బ్యాట్ ఎవరిదైతే వాడి మాటే చెల్లుతుంది. చూసేవాళ్లకు ఇదంతా పిల్లల పేచీలాగే ఉంటుంది. కానీ ఈ రూల్స్ ఊరికే పుట్టలేదు. చేతిలో ఉన్న బంతి, వచ్చిన మనుషుల సంఖ్య, రెండు గోడల మధ్య మిగిలిన చోటు కలిసి వీటిని పుట్టించాయి.

ముందు బంతి సంగతి చూద్దాం. క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉంటుంది. టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు. బరువు కన్నా పెద్ద తేడా ఎగరడంలో ఉంది. టెన్నిస్ నిబంధనల ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే, మంచి బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. అంటే పడిన ఎత్తులో సగానికి పైగా తిరిగి లేస్తుంది. సిమెంటు రోడ్డు మీద ఒకసారి నేల తాకి లేచిన బంతి ఫీల్డర్ నడుము దగ్గరికో ఛాతీ దగ్గరికో తీరిగ్గా వస్తుంది. దాన్ని రెండు చేతులతో ఎవరైనా పట్టేస్తారు. అలా పట్టినా అవుటే అంటే బ్యాటర్ పని అయిపోయినట్టే. అందుకే ఒక పిచ్ సౌకర్యం ఇచ్చి, బదులుగా ఒక చెయ్యి లాగేసుకున్నారు.

గొడవలన్నీ ఆ రెండో చెయ్యి దగ్గరే. బంతి ఛాతీకి తగిలి ఆగితే? అవతలి చెయ్యి వేలు తగిలితే? గోడకు కొట్టుకుని వస్తే? చాలా సందుల్లో ఒంటికి తగిలితే క్యాచ్ చెల్లదు. గోడకు తగిలి నేరుగా వచ్చింది మాత్రం ఒంటి చేత్తో పడితే అవుటే, ఎందుకంటే గోడను కూడా ఒక పిచ్ కిందే లెక్కేస్తారు. కీపర్‌కు ఈ సౌకర్యం ఇవ్వని చోట్లూ ఉన్నాయి. అది సబబే. వికెట్ల వెనక కాస్త దూరంగా నిలబడితే, ఎడ్జ్ తీసుకున్న బంతి ప్రతిదీ ఒక పిచ్ పడి అతని చేతిలోకే వస్తుంది.

ఈ రూల్ వచ్చాక ఆటే తిరగబడుతుంది. కోచింగ్ క్యాంపులో మొదటి రోజు చెప్పేది ‘బంతిని నేలకు కొట్టు’ అని. సందులో నేలకు గట్టిగా కొడితే ఆ బంతి లేచి షార్ట్ కవర్‌లో ఉన్నవాడి అరచేతిలో పడుతుంది. బ్యాటర్ బతకాలంటే బంతిని ఆలస్యంగా, మెత్తగా ఆడి కాళ్ల దగ్గరే చంపాలి, ఫీల్డర్‌ను చేరేలోపు రెండు పిచ్‌లు పడాలి. లేదా అందరి తలల మీదుగా లేపాలి. లేపితే ఎదురింటి మేడ ఉంటుంది, ఆ మేడ మీద పడితే అవుట్ అనే రూల్ వేరే ఉంటుంది.

అందుకని తెలివైనవాడు మెత్తగా ఆడటం నేర్చుకుంటాడు. వాడి కోసమే టిప్ అండ్ రన్ ఉంది. బ్యాట్‌కు బంతి తగిలిందా, పరుగెత్తాల్సిందే. రోజంతా డిఫెన్స్ ఆడుతూ బ్యాట్ వదలని మొండివాణ్ని దింపడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. పిచ్ 22 గజాలు ఉండదు కాబట్టి పరుగు పొట్టిదే, కానీ కాళ్ల దగ్గర చచ్చిన బంతి కీపర్‌కు రెండడుగుల్లో అందుతుంది. అప్పుడు వికెట్ల వైపు పరుగెత్తి వస్తున్నది నాన్‌స్ట్రైకర్. కొట్టినవాడి పాపం అతని తలకు చుట్టుకుంటుంది. అందుకే తెలిసిన నాన్‌స్ట్రైకర్ పిలుపు కోసం చూడడు, బంతి బౌలర్ చేయి దాటగానే నాలుగడుగులు ముందుకేస్తాడు.

రెండు రూల్సూ ఒకేసారి పెడితే బ్యాటర్ అడకత్తెరలో పోకచెక్కే. గట్టిగా ఆడితే ఒంటిచేతి క్యాచ్, మెత్తగా ఆడితే రనౌట్. జట్టుకు ఆరేడుగురు ఉండి, సాయంత్రం చీకటి పడేలోపు అందరికీ బ్యాటింగ్ రావాలంటే రెండూ ఉండొచ్చు. ముగ్గురేసి ఉన్నప్పుడు రెండూ పెడితే ఇన్నింగ్స్ రెండు ఓవర్లు కూడా సాగదు. అప్పుడు ఏదో ఒకటి తీసేయడం మేలు.

బంతి పాతబడినా లెక్క మారుతుంది. లోపల గాలి తగ్గిన బంతి, వాన నీళ్లలో నానిన బంతి సరిగ్గా లేవవు. టాస్‌కు ముందు భుజం ఎత్తు నుంచి వదిలి చూడండి. తొడ మధ్య దాకా లేస్తే వన్ పిచ్ పెట్టుకోవచ్చు. మోకాలు కూడా దాటకపోతే ఆ రూల్ పేరుకే ఉంటుంది, ఫీల్డర్లు వంగి వంగి అలసిపోవడమే మిగులుతుంది.

ఇక లాస్ట్ మ్యాన్. అసలు క్రికెట్‌లో పదో వికెట్ పడగానే మిగిలిన ఒక్కడు నాటౌట్‌గా పెవిలియన్ దారి పట్టాలి. జట్టుకు నలుగురే ఉన్న సందులో అలా చేస్తే బ్యాటింగ్ చేసేవాళ్లలో నాలుగోవంతు పోయినట్టే. కాబట్టి వాడు ఒంటరిగా ఆడతాడు. ఇది గల్లీ వింతేమీ కాదు. 1992లో మొదలైన హాంకాంగ్ సిక్సెస్‌లో కూడా ఐదు వికెట్లు పడ్డాక ఆరో ఆటగాడు ఆడుతూనే ఉంటాడు, అవుటైన ఐదో బ్యాటర్ రన్నర్‌గా నిలబడతాడు.

మన సందుల్లో రెండు పద్ధతులు. ఒకటి, అవుటైనవాణ్ని రన్నర్‌గా పెట్టుకోవడం. రెండు, రన్నర్ లేకుండా వెళ్లి తిరిగి వస్తేనే పరుగులు ఇవ్వడం, అంటే ఎప్పుడూ సరి సంఖ్యే. ఈ తేడా చిన్నదనిపిస్తుంది కానీ ఆఖరి ఓవర్లో అసలు రంగు బయటపడుతుంది.

ఆరు బంతుల్లో 7 కావాలనుకుందాం. రన్నర్ ఉంటే, సింగిల్ తీసినా స్ట్రైక్ మళ్లీ లాస్ట్ మ్యాన్‌దే. ఒక ఫోర్ కొట్టి మూడు సింగిల్స్ తీస్తే పని అయిపోతుంది, ఇంకా రెండు బంతులు మిగులుతాయి. రన్నర్ లేకపోతే 7 అనే అంకె దొరకదు. 6 కొడితే టై, గెలవాలంటే 8 కొట్టాలి. అంటే బౌలింగ్ జట్టుకు ఒక పరుగు ఉచితంగా దక్కింది. ఇప్పుడు బౌలర్ ఒక వైడ్ వేశాడనుకోండి, కావాల్సింది 6 అవుతుంది, మూడు డబుల్స్‌తో గెలుపే. ఒక్క వైడ్ రెండు పరుగుల పని చేసింది. ఇది తెలిసిన కెప్టెన్ ఆఖరి ఓవర్ వేగంగా వేసేవాడికి ఇవ్వడు, వికెట్ల మీదికి వేసేవాడికి ఇస్తాడు. తెలిసిన బ్యాటర్ అయితే వైడ్‌కి దగ్గరగా వెళ్లే బంతిని కెలకడు, వదిలేసి అంపైర్ వైపు తిరుగుతాడు. అంపైర్ ఎలాగూ వాడి జట్టువాడే.

‘డబుల్ తీసేటప్పుడు ఏ వైపు కొడితే అవుట్‌రా?’ అని అప్పుడు ఎవరో అడుగుతారు. ‘రెండు వైపులా!’ అని ఫీల్డింగ్ వాళ్లు, ‘ఒకవైపే కదరా!’ అని బ్యాటింగ్ వాళ్లు. న్యాయం చెప్పాలంటే వాడు పరుగెత్తి వెళ్తున్న వైపే కొట్టాలి. అవతలి వికెట్ కొట్టినా అవుటే అంటే, ఒంటరివాడికి దాచుకునే చోటంటూ ఉండదు.

నా ఓటు రన్నర్ లేని పద్ధతికే. సింగిల్‌కు కూడా స్ట్రైక్ తిరిగివస్తుంటే లాస్ట్ మ్యాన్ కష్టమేముంది? ఈ ఆదివారం ఆడబోతుంటే మాత్రం, ఒంటికి తగిలిన క్యాచ్ చెల్లుతుందో లేదో, లాస్ట్ మ్యాన్‌ను ఏ వైపు కొట్టాలో మొదటి బంతి పడకముందే పైకి చెప్పించుకోండి. బ్యాట్ మీది కాకపోతే మరీ ముఖ్యం.