పై పెదవి ఎత్తి చూడండి

రెండేళ్ల పిల్లల పై పెదవిని వేలితో కాస్త ఎత్తి, వెలుతురులో చూడండి. ముందు పళ్ల మీద, చిగురును ఆనుకుని సుద్దతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తుందేమో. పాల మీగడేమోనని చాలామంది పట్టించుకోరు. తడిగుడ్డతో తుడిచినా పోలేదంటే పంటి పైపొర కరగడం మొదలైందన్నమాట. పుచ్చుకు తొలి మెట్టు అదే.

పై పళ్లకే ఎందుకు? సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో పాలపీక కింద నాలుక ఉంటుంది. అది కింది పళ్లను కప్పి ఉంచుతుంది. పైగా నాలుక కింది గ్రంథుల నుంచి ఊరే లాలాజలం వాటిని కడుగుతుంటుంది. పై పళ్లకు ఈ రెండూ లేవు. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కాబట్టి పాలు పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. నోట్లోని సూక్ష్మజీవులు అందులోని చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. మనం పాలల్లో పంచదార కూడా వేస్తాం, అడగాలా!

ఒక అమ్మమ్మగారు రెండున్నరేళ్ల మనవణ్ణి మా క్లినిక్‌కి తీసుకొచ్చారు. పై పళ్లు నాలుగూ గోధుమరంగుకు తిరిగాయి, రెండింటి అంచులు విరిగాయి. కింది పళ్లు మాత్రం తెల్లగా, చక్కగా ఉన్నాయి. అడగకుండానే రాత్రి సీసా సంగతి తెలిసిపోయింది. “పాలపళ్లే కదండీ, ఎలాగూ ఊడేవేగా” అన్నారావిడ. ముందు పళ్లు ఏడెనిమిదేళ్లకు ఊడతాయి, నిజమే. దవడ పాలపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. పుచ్చి ముందే పీకాల్సి వస్తే, ఆరేళ్లకు వాటి వెనకాల వచ్చే శాశ్వత దవడ పన్ను ముందుకు జరిగి ఆ ఖాళీని ఆక్రమిస్తుంది. అక్కడ రావాల్సిన పన్నుకు చోటు చాలదు. ఈ బాబు దవడ పళ్ల గుంటల్లోనూ అప్పటికే మెత్తదనం తగిలింది.

సీసా ఒక్కరాత్రిలో మానిపిస్తే ఇల్లంతా జాగరణే. అందుకే ముందు పంచదార ఆపమన్నాను. తర్వాత పాలల్లో రోజూ కాస్త నీళ్లు పెంచుతూ, రెండు వారాల్లో ఒట్టి మంచినీళ్లకు తెమ్మన్నాను. పడుకునే ముందు పెద్దవాళ్లే బ్రష్ చేయాలి. మూడేళ్లలోపు పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. నల్గొండ జిల్లాలోలా బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లవాళ్లు మాత్రం పేస్టు సంగతి డాక్టరును అడగాలి.

తెల్ల గీత దశలోనే వస్తే ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, సీసా మానిపిస్తే పైపొర తిరిగి గట్టిపడే అవకాశం ఉంది. గుంట పడ్డాక అది దానంతట పూడదు. ఆ బాబుకు దవడ పళ్లలో ఫిల్లింగులు పెట్టాం. విరిగిన ముందు పళ్లకు తొడుగులు వేయాల్సి వచ్చింది.