నిరోధక పొటెన్షియల్ గ్రాఫు: వాలు ఏం చెబుతుంది, అంతరఖండం ఏం చెబుతుంది

లోహపు పలక మీద తగినంత ఎక్కువ పౌనఃపున్యం ఉన్న కాంతి పడితే దాని ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఇదే కాంతి విద్యుత్ ఫలితం. శూన్యం చేసిన గాజు గొట్టంలో ఆ పలకకు ఎదురుగా ఇంకో పలక పెడితే, ఎలక్ట్రాన్లు దాన్ని చేరి చిన్న విద్యుత్ ప్రవాహాన్ని కలగజేస్తాయి. ఇప్పుడు ఎదుటి పలకకు రుణ వోల్టేజీ ఇచ్చి దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, మెల్లగా వచ్చే ఎలక్ట్రాన్లు ముందు వెనక్కి తిరుగుతాయి, వేగంగా వచ్చేవి తర్వాత ఆగుతాయి. అన్నిటికంటే వేగంగా వచ్చే ఎలక్ట్రాన్ కూడా ఆగిపోయి ప్రవాహం సున్నా అయిన చోటి వోల్టేజీని నిరోధక పొటెన్షియల్ అంటారు. కాంతి పౌనఃపున్యాన్ని మారుస్తూ, ప్రతిసారీ ఈ పొటెన్షియల్‌ను కొలిచి గ్రాఫు గీస్తే ఒక సరళరేఖ వస్తుంది. ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలోనూ, ఈఏపీసెట్, నీట్, జేఈఈ ప్రశ్నపత్రాల్లోనూ కనిపించే గ్రాఫు ఇదే.

1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన సమీకరణంలో ఈ గీత మొత్తం ఇమిడి ఉంది:

eV₀ = hν − φ

ఇందులో V₀ నిరోధక పొటెన్షియల్, ν కాంతి పౌనఃపున్యం, h ప్లాంక్ స్థిరాంకం, e ఎలక్ట్రాన్ ఆవేశం. φ అంటే పని ప్రమేయం, అంటే ఎలక్ట్రాన్‌ను లోహం నుంచి బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తి. కాంతి కణం తెచ్చిన hν శక్తిలోంచి ఆ కనీస శక్తి పోగా మిగిలినదే ఎలక్ట్రాన్‌కు దక్కే గరిష్ఠ గతిజ శక్తి. దాన్ని ఆపడానికి eV₀ కావాలి. రెండు వైపులా e తో భాగిస్తే గ్రాఫుకు సరిపోయే రూపం వస్తుంది:

V₀ = (h/e)ν − φ/e

బడిలో నేర్చుకున్న y = mx + c పక్కన దీన్ని పెడితే ఏది ఏదో తెలిసిపోతుంది. వాలు h/e. అందులో లోహానికి సంబంధించినది ఏదీ లేదు. h ప్రకృతి స్థిరాంకం, e కూడా అంతే. వాటి నిష్పత్తి 4.14 × 10⁻¹⁵ వోల్టు సెకను. సోడియం అయినా జింకు అయినా టంగ్‌స్టన్ అయినా గీత వాలు ఇంతే. లోహం గురించి గీతకు తెలిసినదంతా అంతరఖండంలో ఉంటుంది. నిలువు అక్షం మీద అంతరఖండం −φ/e, అడ్డ అక్షం మీద అంతరఖండం ఆరంభ పౌనఃపున్యం ν₀ = φ/h. ఈ గ్రాఫు మీద వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విభజన పట్టుబడితే తేలిపోతాయి.

ఒక సంగతి దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఆరంభ పౌనఃపున్యం కంటే తక్కువ పౌనఃపున్యంలో ఎలక్ట్రాన్లే రావు, కాబట్టి అక్కడ కొలవడానికి నిరోధక పొటెన్షియల్ అంటూ ఏదీ ఉండదు. అసలు గీత అడ్డ అక్షం మీద ν₀ దగ్గర మొదలై పైకి వెళుతుంది. అక్కడి నుంచి కిందికి, నిలువు అక్షం దాకా చుక్కలతో గీసే భాగం లెక్క కోసం పొడిగించినది మాత్రమే. అందుకే నిలువు అంతరఖండం ఎప్పుడూ రుణాత్మకంగా, చుక్కల గీత చివర కనిపిస్తుంది.

ఒక ప్రశ్న తీసుకుని అడుగు అడుగునా చూద్దాం. గ్రాఫులో రెండు లోహాలకు రెండు సమాంతర గీతలు ఉన్నాయి. అడ్డ అక్షం మీద పౌనఃపున్యం 10¹⁴ హెర్ట్జ్ ప్రమాణంలో ఉంది, కానీ అంకెలు 0 నుంచి కాకుండా 4 నుంచి మొదలై 12 దాకా వెళ్తున్నాయి. మొదటి లోహం గీత అడ్డ అక్షాన్ని 5.5 దగ్గర, రెండో లోహం గీత 7.5 దగ్గర తాకుతున్నాయి. పౌనఃపున్యం 10.5 దగ్గర మొదటి లోహానికి నిరోధక పొటెన్షియల్ 2.07 వోల్టులు. నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చారు. మొదటి లోహం పని ప్రమేయం 0.62 ఎలక్ట్రాన్ వోల్టు అని ఒకటి. రెండో లోహం గీత నుంచి లెక్కకట్టే h విలువ ఎక్కువ వస్తుందని రెండోది. కాంతి తీవ్రత రెట్టింపు చేస్తే రెండు గీతలూ పైకి జరుగుతాయని మూడోది. ఒకే పౌనఃపున్యం దగ్గర రెండు లోహాల నిరోధక పొటెన్షియళ్ల తేడా సుమారు 0.83 వోల్టు, అది పౌనఃపున్యంతో మారదు అని నాలుగోది.

ముందు వాలు చూడాలి. మొదటి గీత మీద 5.5 దగ్గర పొటెన్షియల్ సున్నా, 10.5 దగ్గర 2.07. అంటే 5 × 10¹⁴ హెర్ట్జ్ దూరంలో 2.07 వోల్టుల పెరుగుదల. భాగిస్తే 4.14 × 10⁻¹⁵ వస్తుంది. ఇది h/e విలువతో సరిపోయింది కాబట్టి గ్రాఫును సరిగానే చదివినట్టు. ఈ చిన్న సరిచూపు చాలా విలువైనది. వాలు ఇంతకు బాగా దూరంగా వస్తే అక్షం మీద 10¹⁴ మరిచిపోయి ఉండాలి, లేదా రెండు బిందువుల్లో ఒకదాన్ని తప్పుగా చదివి ఉండాలి.

ఇక పని ప్రమేయం. వాలును ఆరంభ పౌనఃపున్యంతో గుణిస్తే 4.14 × 10⁻¹⁵ × 5.5 × 10¹⁴ = 2.28 వోల్టులు. కాబట్టి పని ప్రమేయం 2.28 ఎలక్ట్రాన్ వోల్టులు. మరి 0.62 ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి గీతను కిందికి పొడిగిస్తే, కాగితం మీద కనిపించే నిలువు గీతను అది −0.62 దగ్గర తాకుతుంది. ఆ నిలువు గీత ఉన్నది పౌనఃపున్యం 4 × 10¹⁴ దగ్గర, సున్నా దగ్గర కాదు. నిలువు అంతరఖండం −φ/e అనే సూత్రం ν = 0 దగ్గర మాత్రమే చెల్లుతుంది. విద్యార్థి అక్షం మీది మొదటి అంకె చూడకుండా సూత్రం వాడితే పడిపోయే గుంత ఇదే. అడ్డ అక్షం సున్నా నుంచి మొదలుకాకపోతే నిలువు అంతరఖండం జోలికి పోకుండా, ν₀ చదివి వాలుతో గుణించడమే క్షేమం.

రెండో ఐచ్ఛికం ఒక్క చూపులో పోతుంది. గీతలు సమాంతరం, అంటే వాలు ఒకటే, h ఒకటే. మూడోది వినడానికి నిజంలా ఉంటుంది, ఎక్కువ మందిని తప్పుదారి పట్టించేదీ ఇదే. తీవ్రత రెట్టింపు చేస్తే సెకనుకు పడే కాంతి కణాల సంఖ్య రెట్టింపు అవుతుంది, దాంతో బయటికి వచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య, ప్రవాహం పెరుగుతాయి. ఒక్కో కణం తెచ్చే శక్తి మాత్రం hν గానే ఉంటుంది. అత్యంత వేగంగా వచ్చే ఎలక్ట్రాన్‌ను ఆపడానికి మునుపటి వోల్టేజీయే చాలు. తీవ్రత ఈ గ్రాఫులో ఎక్కడా కనిపించదు, దాని ప్రభావం ప్రవాహానికీ వోల్టేజీకీ గీసిన వేరే గ్రాఫులో కనిపిస్తుంది.

మిగిలింది నాలుగోది. రెండో లోహం పని ప్రమేయం 4.14 × 10⁻¹⁵ × 7.5 × 10¹⁴, అంటే సుమారు 3.11 ఎలక్ట్రాన్ వోల్టులు. మొదటిదానితో తేడా 0.83. సమాంతర గీతల మధ్య నిలువు దూరం ఎక్కడ కొలిచినా ఒకటే కాబట్టి, రెండు గీతలూ ఉన్న ప్రాంతంలో పొటెన్షియళ్ల తేడా ఎప్పుడూ 0.83 వోల్టే. ఇదే సరైన ఐచ్ఛికం. కుడివైపు ఉన్న గీతకే పని ప్రమేయం ఎక్కువ అన్నది కూడా ఇక్కడే తెలిసిపోతోంది. మొదటి లోహం సుమారు 545 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి నుంచే స్పందిస్తుంది, రెండోదానికి 400 నానోమీటర్ల ఊదా కాంతి అయినా కావాలి.

ప్రమాణాల దగ్గర ఒక జాగ్రత్త అవసరం. అంతరఖండం 2.28 వోల్టులు అయితే పని ప్రమేయం అదే అంకెతో 2.28 ఎలక్ట్రాన్ వోల్టులు. అక్కడ మళ్లీ 1.6 × 10⁻¹⁹ తో గుణించనక్కర్లేదు. జవాబు జౌళ్లలో అడిగినప్పుడే ఆ గుణకారం చేయాలి, అప్పుడు 3.65 × 10⁻¹⁹ జౌళ్లు వస్తుంది. అలాగే వాలు నుంచి h కావాలంటే వాలును e తో గుణించాలి. గీత కాగితం మీద 45 డిగ్రీల్లో ఉన్నట్టు కనిపించినంత మాత్రాన వాలు 1 కాదు, ఎందుకంటే రెండు అక్షాల కొలమానాలు వేరు.

అక్షాలు మారితే వాలు అర్థం మారుతుంది, ప్రశ్న కొత్తగా కనిపించేది అందుకే. నిలువు అక్షం మీద పొటెన్షియల్‌కు బదులు గరిష్ఠ గతిజ శక్తి ఉంటే వాలు h/e కాదు, h. అడ్డ అక్షం మీద తరంగదైర్ఘ్యపు వ్యుత్క్రమం 1/λ ఉంటే వాలు hc/e, అంటే సుమారు 1240 వోల్టు నానోమీటర్లు. ఊరికే తరంగదైర్ఘ్యం ఉంటే అది సరళరేఖే కాదు, వక్రం. అందుకే సూత్రం గుర్తు తెచ్చుకోకముందే అక్షాల మీద రాసినది చదవాలి.

ఈ గీతను ప్రయోగశాలలో తెచ్చినవాడు అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ మిల్లికన్. కాంతి కణాల భావన అతనికి నచ్చలేదు, అయినా ఏళ్ల తరబడి కొలతలు తీసుకున్నాడు. సోడియం లాంటి లోహాల ఉపరితలం గాలి తగిలితే వెంటనే పాడవుతుంది. అందుకని శూన్య గొట్టం లోపలే ఒక కత్తి అమర్చి, బయటి నుంచి అయస్కాంత బలంతో దాన్ని కదిలిస్తూ లోహపు ముఖాన్ని ఎప్పటికప్పుడు తాజాగా చెక్కేవాడు. 1916లో ప్రచురించిన ఫలితాల్లో h విలువ సుమారు 6.57 × 10⁻³⁴ జౌలు సెకను వచ్చింది. ఇప్పటి విలువ 6.626 × 10⁻³⁴ కంటే ఇది ఒక శాతం లోపే తక్కువ.

అంతరఖండం మాత్రం ప్రయోగంలో అంత సూటిగా లొంగదు. రెండు పలకలూ వేర్వేరు లోహాలైతే వాటి మధ్య స్పర్శ పొటెన్షియల్ ఏర్పడి, బయటి నుంచి ఇచ్చిన వోల్టేజీకి కలుస్తుంది. దాన్ని సరిచేయకుండా గీసిన గీత మొత్తం నిలువుగా జరుగుతుంది. అప్పుడు అంతరఖండం నుంచి తెలిసేది కాంతి పడిన లోహం పని ప్రమేయం కాదు, ఎలక్ట్రాన్లను అందుకునే ఎదుటి పలకది. పరీక్ష ప్రశ్నలు దీన్ని లెక్కలోకి తీసుకోవు, మిల్లికన్ మాత్రం దాన్ని వేరుగా కొలిచి సరిచేయవలసి వచ్చింది. గీత పైకో కిందికో జరిగినా వాలు చెక్కుచెదరదు కాబట్టి, h విలువకు దీనివల్ల ఏ హానీ కలగలేదు.