ఒక్క పేజీలో విలేకరి పని

తెలుగు పత్రికల్లో ఏళ్ల తరబడి పనిచేసి అమెరికా వచ్చిన విలేకరులు ఇక్కడి స్థానిక పత్రికలకు దరఖాస్తు పెట్టేటప్పుడు రెజ్యూమె దగ్గరే చిక్కుపడతారు. పనితనం లేక కాదు. ఆ పని ఎక్కడ అచ్చయింది, ఏ విషయం మీద, ఎవరు చదివారు అన్న మూడింటినీ ఒకే కాగితం మీద చూపించడం వాళ్లకెవరూ నేర్పలేదు. మన దగ్గర డెస్క్ ఇన్‌చార్జికి విలేకరి పేరు వింటే చాలు, రాసిన వార్తలు గుర్తొస్తాయి. ఇక్కడి ఎడిటర్‌కు ఆ పేరు తెలియదు, భాష తెలియదు, జిల్లా ఎడిషన్ అంటే ఏమిటో అసలే తెలియదు.

నల్గొండ జిల్లాలో ఎనిమిదేళ్లు చేసి డాలస్ పక్కన స్థిరపడిన ఒక విలేకరిని ఊహించుకుందాం. ఆమె మొదటి రెజ్యూమెలో బీట్ల వరుస ఇలా ఉంటుంది: రాజకీయాలు, క్రైమ్, విద్య, వైద్యం, వ్యవసాయం, తాగునీరు, రెవెన్యూ, సినిమా. దాని కింద ఇరవై పైచిలుకు లింకులు, ఒక్కోటి రెండు వరుసల పొడవు. చివర్లో, తన పత్రిక మొత్తం సర్క్యులేషన్ చెప్పి, అంతమంది పాఠకులకు తన వార్తలు చేరాయన్న వాక్యం. ఇందులో అబద్ధం ఏదీ లేకపోవచ్చు. అయినా చదివిన ఎడిటర్‌కు ఆమె దేంట్లో గట్టిదో అంతుపట్టదు.

ముందు బీట్ల సంగతి చూద్దాం. మండలంలో పనిచేసే విలేకరి అన్నీ రాయాల్సిందే, అది మన పద్ధతి. రెజ్యూమెలో మాత్రం ఎక్కువ కాలం వెంటపడిన రెండు బీట్లు చాలు. ఆమెకు అవి తాగునీరు, భూరికార్డులు. ఒక్కోదాని పక్కన ఏ ఏళ్లలో చేసిందో, ఏ కాగితాలు చదవడం వచ్చో ఒక్క వాక్యం రాయాలి. ఇక్కడే మాట మార్చుకోవాల్సిన అవసరం ఉంది. ధరణి అని రాస్తే డాలస్ ఎడిటర్‌కు ఏమీ తెలియదు. రాష్ట్ర ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ అంటే వెంటనే తెలుస్తుంది, తమ కౌంటీ ఆస్తి రికార్డులు గుర్తొస్తాయి. మన 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆమె పెట్టిన దరఖాస్తులూ అంతే. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ రికార్డులకు 1966 నుంచీ అలాంటి చట్టం ఉంది, రాష్ట్రాలకు వాటి చట్టాలు వాటికున్నాయి. ప్రభుత్వ రికార్డుల కోసం దరఖాస్తు చేసి రాబట్టిన వార్త అంటే ఏ ఎడిటరైనా కాస్త ఆగి చదువుతాడు.

తర్వాత లింకులు. ఇరవైలోంచి ఆరే ఎంచుకోవాలి. నా లెక్క ప్రకారం ఒక్కో బీట్‌కు రెండేసి, గడువు మీద అదే రోజు రాసిన వార్త ఒకటి, తీరిగ్గా రాసిన కథనం ఒకటి. లింకు చిరునామాను యథాతథంగా పేజీ మీద పరచకూడదు, వాక్యంలోని మాటకే తగిలించాలి. ఆమె నీటి వార్త మారిన రెజ్యూమెలో, ఇంగ్లిష్‌లోనే అనుకోండి, ఇలా ఉంటుంది:

"బోరునీటి పరీక్షల నివేదికలను రికార్డుల దరఖాస్తుతో తెప్పించి, మూడు గ్రామాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందని రాశాను. వార్త వచ్చిన రెండు వారాలకు ఆ ఊళ్లకు ట్యాంకర్లు వచ్చాయి."

ఇందులో "మూడు గ్రామాల్లో ఫ్లోరైడ్" అన్న మాటల మీద అసలు వార్త లింకు, "ట్యాంకర్లు వచ్చాయి" మీద ఫాలోఅప్ లింకు. ఆరింటిలో రెండు ఇక్కడే సరిపోయాయి, పేజీ మీద చిరునామా ఒక్కటీ కనబడదు. "వార్త వచ్చిన రెండు వారాలకు" అన్న జాగ్రత్త కూడా గమనించండి. ట్యాంకర్లు వార్త వల్లే వచ్చాయని చూపించే కాగితం చేతిలో లేనప్పుడు "నా వార్త వల్ల" అని రాయకూడదు. అధికారి ఉత్తర్వులోనే వార్త ప్రస్తావన ఉంటే ధైర్యంగా రాయొచ్చు.

కాగితం మీద ప్రింటు తీసి చదివేవాళ్లూ ఉంటారు. వాళ్లకు లింకులు నొక్కే వీలుండదు కాబట్టి పేరు కింద ఒకే ఒక చిన్న చిరునామా, అన్ని క్లిప్పింగులూ ఉన్న పేజీది, అక్షరాల్లో కనబడేలా ఇవ్వాలి. రెండు నిలువు వరుసలుగా, బొమ్మలతో పేజీని అలంకరించడం కూడా వద్దు. పెద్ద సంస్థల్లో దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు వరుసలను కొన్నిసార్లు అడ్డంగా కలిపేసి చదవడంతో బీట్ పేరు, పత్రిక పేరు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

లింకుల్లో చెడిపోయేవి ఎక్కువ. ఈ-పేపర్ పేజీ లింకు కొన్నాళ్లకు లాగిన్ అడుగుతుంది, లేదా ఆ రోజు మొదటి పేజీకి తీసుకుపోతుంది. వెబ్‌సైట్ కొత్త రూపం తెచ్చుకుంటే పాత వార్తల చిరునామాలు పోతాయి. అందుకే బహిరంగంగా తెరుచుకునే వార్త ప్రచురితమైన రోజే దాన్ని `web.archive.org` లో భద్రపరచుకోవడం మేలు. చందాదారులకే తెరుచుకునే వార్తకు అది పనిచేయకపోవచ్చు. దానికి సొంత పీడీఎఫ్ ఉంచుకోవాలి. ఫేస్‌బుక్ నుంచి కాపీ చేసిన లింకు చివర `?fbclid=` అంటూ పొడవాటి తోక వస్తుంది, దాన్ని కత్తిరించాలి. అన్నిటికన్నా తరచుగా జరిగేది డ్రైవ్‌లో పెట్టిన స్కాన్ "అనుమతి కావాలి" అని అడగడం. మన ఫోన్‌లో బాగానే తెరుచుకుంటుంది కాబట్టి మనకు తెలియదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి ఒక్కో లింకూ నొక్కి చూస్తే పట్టుబడుతుంది.

మన జిల్లా పేజీల్లో మరో ఇబ్బంది, చాలా వార్తలకు బైలైన్ ఉండదు, ఊరి పేరు, పత్రిక పేరు మాత్రమే ఉంటాయి. అలాంటి క్లిప్పింగ్ పక్కన "బైలైన్ లేకుండా ప్రచురితం" అని ఉన్నదున్నట్టు రాసి, అడిగితే నిర్ధారించగల పాత ఎడిషన్ ఇన్‌చార్జి అంగీకారం ముందే తీసుకోవాలి. తెలుగు వార్తకు ఇంగ్లిష్ సారాంశం క్లిప్పింగుల పేజీలో స్కాన్ కిందే ఉండాలి. నూట యాభై మాటలు చాలు. అనువాదం తనదేనని కూడా అక్కడే చెప్పాలి. రెజ్యూమెలో దానికి చోటు లేదు.

ఇక పాఠకుల లెక్క. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ధ్రువీకరించే మొత్తం సంఖ్య అన్ని ఎడిషన్ల అమ్మకాలది. నల్గొండ జిల్లా పేజీలో వచ్చిన వార్తను వరంగల్‌లో పత్రిక కొన్నవాళ్లు చూడనే లేదు. కాబట్టి ఆ సంఖ్య పత్రిక పేరు పక్కన, సంస్థ ఎంతటిదో చెప్పడానికి ఒక్కసారి ఉంటే చాలు. సొంత వార్తకు సొంత లెక్క ఉండాలి. వెబ్‌లో వచ్చినదైతే డిజిటల్ డెస్క్‌ను అడిగితే ఎంతమంది చదివారో, సగటున ఎంతసేపు ఉన్నారో ఇస్తారు. సంస్థ బయటికి చెప్పొద్దంటే వాడకూడదు. "మొదటి 30 రోజుల్లో ఇంతమంది పాఠకులు" అని కాలం కూడా కలిపి రాస్తేనే ఆ అంకెకు అర్థం. పేజీ ఎన్నిసార్లు తెరిచారన్నదీ ఎంతమంది చదివారన్నదీ వేరు, ఒకరే మూడుసార్లు తెరిస్తే మొదటిది మూడవుతుంది. ఇంటర్వ్యూలో ఎడిటర్ మొదట అడిగేది ఆ తేడానే కావచ్చు.

అచ్చు వార్తకు అలాంటి లెక్క దొరకదు. అక్కడ అంకె కల్పించకుండా ఖాళీ వదిలేయాలి. నీటి వార్తకు పాఠకుల లెక్క చేయాల్సిన పనిని ట్యాంకర్ల ఫాలోఅప్ లింకు చేస్తుంది. మొత్తం పేజీలో రెండు అంకెలుంటే చాలు. భూరికార్డుల కథనం వెబ్‌లో వచ్చింది కాబట్టి ఆమె అక్కడొకటి వాడి, రెండోది పత్రిక పేరు పక్కన పెట్టుకోవచ్చు. మిగతా నాలుగైదు లెక్కలు క్లిప్పింగుల పేజీలో ఒక్కో వార్త కింద, తీసుకున్న తేదీతో సహా ఉంటాయి, కావాలనుకున్నవాళ్లు అక్కడ చూస్తారు.