షార్ట్ చేసే ముందు వేయాల్సిన లెక్క

2008 అక్టోబరు 26 ఆదివారం. మార్కెట్లకు సెలవు. ఆ రోజు జర్మనీలో పోర్షె కార్ల కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఫోక్స్‌వ్యాగన్ సాధారణ షేర్లలో 42.6 శాతం తన చేతిలో ఉన్నాయని, మరో 31.5 శాతానికి ఆప్షన్ ఒప్పందాలు ఉన్నాయని చెప్పింది. రెండూ కలిపితే 74.1 శాతం. లోయర్ శాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ఇంకో 20 శాతం ఉంది. అది అమ్మే షేరు కాదు. అంటే బజారులో నిజంగా దొరికేది 6 శాతం లోపే. షార్ట్ చేసినవాళ్లు తిరిగి కొనాల్సిన షేర్లేమో 12 శాతం పైమాటే. శుక్రవారం 210 యూరోల దగ్గర ముగిసిన షేరు సోమవారం 520 దగ్గర ముగిసింది. మంగళవారం ఒక దశలో 1,000 దాటింది. కొద్దిసేపు మార్కెట్ విలువలో ప్రపంచంలోనే అతి పెద్ద కంపెనీ ఫోక్స్‌వ్యాగనే.

షార్ట్ చేయడమంటే పక్కింటివాళ్ల దగ్గర బస్తా ధాన్యం బదులు తెచ్చుకుని ఇవాళ్టి ధరకు అమ్మేయడం లాంటిది. రేపు ధర తగ్గితే చవగ్గా కొని వాళ్ల బస్తా వాళ్లకు ఇచ్చేస్తాం, తేడా మనకు మిగులుతుంది. పెరిగితే ఎంతైనా పెట్టి కొని ఇవ్వాల్సిందే. షేరు కొన్నవాడికి నష్టం పెట్టిన డబ్బు దగ్గర ఆగిపోతుంది. షార్ట్ చేసినవాడికి ఆ గోడ లేదు.

ఫోక్స్‌వ్యాగన్‌ను షార్ట్ చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. ఆర్థిక సంక్షోభంలో కార్ల అమ్మకాలు పడిపోతున్నాయి. అదే కంపెనీ ప్రిఫరెన్స్ షేర్లతో పోలిస్తే సాధారణ షేర్ల ధర మరీ ఎక్కువగా ఉంది. ఆ తేడా తగ్గుతుందని లెక్కవేసి చాలా ఫండ్లు ఒకటి అమ్మి మరొకటి కొన్నాయి. ఆ బుధవారమే ధర సగానికి దగ్గరగా పడింది. కానీ మంగళవారమే కవర్ చేయాల్సి వచ్చినవాళ్లకు దానితో ఒరిగిందేమీ లేదు.

వాళ్ల లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం. షార్ట్ అయిన షేర్లు ఎన్నో చూశారు. వాటిని ఎన్నిటితో భాగిస్తున్నామో సరిగ్గా చూడలేదు. మొత్తం షేర్లలో 12 శాతం అంటే భయపడాల్సిన సంఖ్యలా కనిపించదు. అమ్మకానికి వచ్చే షేర్లతో పోలిస్తే అది రెట్టింపు. పోర్షె ఒప్పందాలు నగదుతో తీరేవి కాబట్టి వాటిని ముందుగా బయటపెట్టాల్సిన పని ఆమెకు లేకపోయింది. ఆ ఒప్పందాలు అమ్మిన బ్యాంకులు తమ రక్షణ కోసం షేర్లు కొని పక్కన పెట్టుకున్నాయి. ఫ్రీ ఫ్లోట్‌గా కాగితం మీద లెక్కకు వస్తున్న ఆ షేర్లు నిజానికి అప్పటికే తాళం పడిన పెట్టెలో ఉన్నాయి.

అందుకే మొదటి నియమం ఇది: షార్ట్ అయిన షేర్లను ఫ్రీ ఫ్లోట్‌తో పోల్చాలి. ఆ ఫ్రీ ఫ్లోట్‌లో కూడా ఎప్పటికీ అమ్మనివాళ్ల వాటా ఎంతో తీసేసి చూడాలి. తర్వాత, రోజుకు సగటున ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో దానితో షార్ట్ షేర్లను భాగించాలి. అందరూ ఒకేసారి కవర్ చేయాలంటే ఎన్ని రోజులు పడుతుందో తెలుస్తుంది. ఒకటి రెండు రోజులైతే తలుపు వెడల్పుగా ఉన్నట్టే. ఎనిమిది పది రోజులు వస్తే నేనైతే ఆ షేరు జోలికి పోవద్దంటాను, కంపెనీ ఎంత చెత్తదైనా సరే.

ఇరుకు ముందుగా కనిపించే చోటు ఇంకొకటి ఉంది, అది అరువు ధర. షేరు అప్పు ఇచ్చినవాళ్లకు అద్దె కట్టాలి. సులభంగా దొరికే పెద్ద కంపెనీ షేరుకు అది నామమాత్రం. అందరూ షార్ట్ చేయాలనుకునే షేరుకు ఏడాదికి 30 శాతం, ఒక్కోసారి అంతకుమించి అడుగుతారు. లక్ష రూపాయల షేర్లకు 30 శాతం అంటే నెలకు 2,500. ఆరు నెలల్లో షేరు 20 శాతం పడుతుందని మీ అంచనా అనుకోండి. అంచనా నిజమైనా అందులో దాదాపు 15 శాతం అద్దెకే పోతుంది. మధ్యలో కంపెనీ డివిడెండ్ ఇస్తే అదీ మీరే షేరు యజమానికి కట్టాలి. అమెరికా, యూరప్ మార్కెట్లలో ఈ అద్దెను ఏ రోజుకారోజు మార్కెట్ విలువ మీద కడతారు. షేరు రెట్టింపైతే అద్దె కూడా రెట్టింపవుతుంది. అద్దె రేటు కూడా మధ్యలో పెరగొచ్చు, యజమాని షేరు వెనక్కి అడగనూవచ్చు. కాబట్టి ధర ఎంత పడుతుందన్నదానితో పాటు ఎన్నాళ్లలో పడుతుందో కూడా రాసుకోని షార్ట్ మొదలుపెట్టకూడదు. ఆ గడువు దాటితే లాభనష్టాలతో పనిలేకుండా బయటికి రావాలి.

ఇక నష్టానికి గట్టు. చాలామంది స్టాప్‌లాస్ పెడితే సరిపోతుందనుకుంటారు. ఫోక్స్‌వ్యాగన్‌ను 210 దగ్గర షార్ట్ చేసి 230 దగ్గర స్టాప్‌లాస్ పెట్టినవాడి సంగతి ఆలోచించండి. సోమవారం ఉదయం షేరు తెరుచుకోవడమే 230కి ఎంతో పైన తెరుచుకుంది. మధ్యలో 230 అనే ధరే లేదు. స్టాప్‌లాస్ ఆర్డరు మనం కోరిన ధరకు హామీ ఇవ్వదు. ఆ ధర తగిలాక దొరికిన రేటుకు కొనమని చెప్పడమే దాని పని. మామూలు రోజుల్లో అది ఉపయోగమే, నేను వద్దనను. రాత్రికి రాత్రి ఎగిరే షేరు దగ్గర మాత్రం అది గట్టు కాదు.

నిజమైన గట్టు అమ్మే పరిమాణంలోనే ఉంది. షార్ట్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది: తప్పయ్యేకొద్దీ పొజిషన్ పెరుగుతుంది. పది లక్షల పెట్టుబడిలో లక్ష షార్ట్ చేస్తే అది పదో వంతు. షేరు రెట్టింపైతే మీ పెట్టుబడి తొమ్మిది లక్షలకు తగ్గుతుంది, పొజిషన్ రెండు లక్షలవుతుంది. అంటే ఐదో వంతుకు మించిపోయింది. మీరు వేలైనా కదపకుండానే ప్రమాదం రెండింతలు దాటింది. కొని నష్టపోయిన షేరు అలా కాదు, పడేకొద్దీ మొత్తంలో దాని వాటా తగ్గుతుంది.

కాబట్టి లెక్క వెనకనుంచి మొదలుపెట్టాలి. పది లక్షల్లో ఒక్క షార్ట్ మీద మూడు శాతం, అంటే 30,000 మించి పోకూడదని నిర్ణయించుకున్నారనుకోండి. ఈ షేరు కవర్ చేసే వీలివ్వకుండా మూడింతలైతే నష్టం అమ్మిన విలువకు రెండింతలు. కాబట్టి అమ్మాల్సింది 15,000 విలువకే. ఇది చాలా చిన్న మొత్తంగా అనిపిస్తుంది. అదే ఫోక్స్‌వ్యాగన్‌లో లక్ష రూపాయల షార్ట్ 1,005 యూరోల దగ్గర 3,78,000 పైగా నష్టం చూపించేది. పెట్టుబడిలో మూడో వంతు కన్నా ఎక్కువ, అదీ రెండు ట్రేడింగ్ రోజుల్లో. 15,000తో మొదలుపెట్టినవాడికైనా అక్కడ 57,000 దాకా పోయేది. 30,000 గట్టు తెగేది, కానీ మనిషి మిగిలేవాడు.

గట్టు తెగకుండా కట్టాలంటే కాల్ ఆప్షన్ కొనాలి. 1,000 దగ్గర షార్ట్ చేసి, 1,100 కాల్‌ను 25 రూపాయలకు కొంటే, గడువు తీరేదాకా ధర ఎంత ఎగిరినా షేరుకు 125 మించి నష్టం రాదు. ఆ 25 రూపాయలను అరువు అద్దెతో కలిపి ఖర్చుగా రాసుకోవాలి. అంత ఖర్చు పోయాక లాభం మిగలని షార్ట్ అసలు చేయదగ్గది కాదు.

మన దేశంలో షేర్లు అరువు తెచ్చుకునే ఎస్‌ఎల్‌బీ విధానం 2008 ఏప్రిల్‌లోనే మొదలైంది. అయినా చిన్న మదుపరులు ఎక్కువగా చేసేది ఇంట్రాడే షార్ట్, లేదంటే ఫ్యూచర్స్. ఫ్యూచర్స్‌ను గడువు దాకా ఉంచితే షేర్లు డెలివరీ ఇవ్వాల్సిందే. ఇంట్రాడేలో ప్రమాదం అప్పర్ సర్క్యూట్ దగ్గర వస్తుంది. ఐదు శాతం సర్క్యూట్ ఉన్న చిన్న షేరును పొద్దున్న షార్ట్ చేశారు, మధ్యాహ్నం అది సర్క్యూట్‌కు తగిలింది. తెర మీద కొనేవాళ్ల వరుసలో లక్షల షేర్లు కనిపిస్తాయి, అమ్మేవాళ్ల వైపు సున్నా. మీ కొనుగోలు ఆర్డరు ఆ వరుస చివర నిలబడుతుంది. మార్కెట్ మూసే వేళకు బ్రోకరైనా మీ పొజిషన్‌ను కవర్ చేయలేడు, ఎందుకంటే అమ్మేవాడే లేడు. తర్వాత ఎక్స్ఛేంజ్ ఆక్షన్ పెట్టి ఆ షేర్లు కొని, మీ దగ్గర కొన్నవాడికి ఇస్తుంది. ఆ ధరకూ మీరు అమ్మిన ధరకూ ఉన్న తేడా, పెనాల్టీ మీ ఖాతాలోంచి పోతాయి. ఐదు శాతం సర్క్యూట్ ఉంది కాబట్టి నష్టం ఐదు శాతమే అనుకున్నవాళ్లకు ఆ రోజు వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లో ఈ మొత్తం కనిపించదు. ఆక్షన్ తేలాక వచ్చే లెడ్జర్‌లో కనిపిస్తుంది.