రెండు మాటల మధ్య చిన్న గీత

'చిన్న పిల్లల డాక్టరు' అని బోర్డు చూసి ఆ డాక్టరు చిన్నవాడని ఎవరూ అనుకోరు. 'పిల్లల' చివరనున్న 'ల' మనకు దారి చూపిస్తుంది. చిన్న అన్నది పిల్లలకు, పిల్లలన్నది డాక్టరుకు. 'మంచినూనె' అని కలిపి రాస్తే నువ్వుల నూనె, 'మంచి నూనె' అని విడదీస్తే బాగున్న ఏ నూనైనా కావచ్చు. ఏ మాట ఏ మాటకు చెందుతుందో తెలుగు ఇలా విభక్తులతోనో, మాటలు కలిపి రాయడంతోనో చెప్పేస్తుంది.

ఇంగ్లీషుకు ఆ సదుపాయం తక్కువ. ఒకప్పుడు మాటల చివర ఉండే ప్రత్యయాలు చాలావరకు రాలిపోయాయి. 'స్మాల్ బిజినెస్ ఓనర్' అని రాస్తే చిన్న వ్యాపారం చేసుకునే యజమానా, పొట్టిగా ఉన్న వ్యాపారా? అక్షరాల్లో దానికి జవాబు లేదు. 'స్మాల్-బిజినెస్ ఓనర్' అని మొదటి రెండు మాటల మధ్య గీత పెడితే చిన్నది వ్యాపారమేనని తేలిపోతుంది. మన 'ల' చేసే పని అక్కడ ఆ గీత చేస్తోంది. దాని పేరే హైఫన్.

దీన్ని నేర్పేటప్పుడు ఎక్కువగా చూపించే ఉదాహరణ పేరున్న రచయిత. 'ఎ వెల్-నోన్ ఆథర్' అన్నప్పుడు హైఫన్ ఉంటుంది. 'ది ఆథర్ ఈజ్ వెల్ నోన్' అన్నప్పుడు ఉండదు. అవే రెండు మాటలు, అదే అర్థం. మారిందల్లా చోటు. నామవాచకానికి ముందు నిలబడితే గీత, తరవాతకు వెళ్తే గీత లేదు.

కారణం చదివేవాడి కంటిలో ఉంది. నామవాచకం ఇంకా రాకముందు 'వెల్' అన్న మాట కనబడితే, అది దేన్ని పట్టుకుంటుందో చదివేవాడికి అప్పటికింకా తెలియదు. గీత ఉంటే రెండూ ఒకే ముక్క అని ముందే అర్థమవుతుంది. 'ఈజ్' తరవాత వచ్చినప్పుడు రచయిత గురించిన మాట అప్పటికే అయిపోయింది. 'వెల్ నోన్' పక్కన అతుక్కోవడానికి వేరే నామవాచకం లేదు, పొరబాటుకు తావూ లేదు. తెలుగులో 'పేరున్న రచయిత' అని ముందు పెట్టినప్పుడు 'ఉన్న' అనీ, 'ఆ రచయితకు పేరుంది' అని తరవాత పెట్టినప్పుడు 'ఉంది' అనీ మనం రూపం మార్చేస్తాం. ఇంగ్లీషులో రూపం మారదు, గీత మారుతుంది.

ప్రతి రెండు విశేషణాల మధ్యా గీత పెట్టాలా? అక్కర్లేదు. పరీక్ష తేలిక. ఒక్కో మాటనూ విడిగా నామవాచకం ముందు పెట్టి చూడండి. 'యంగ్ తెలుగు ఆథర్' తీసుకుంటే, అతను యంగ్ ఆథరూ అవుతాడు, తెలుగు ఆథరూ అవుతాడు. రెండూ విడివిడిగా రచయితకే చెందుతాయి, గీత వద్దు. 'వెల్ ఆథర్' అని చూడండి, అర్థం లేదు. 'వెల్' రచయితకు చెందలేదు, 'నోన్'కు చెందింది. కాబట్టి ఆ రెండింటినీ కట్టాలి.

గీత చోటు మారితే లెక్కలే మారిపోతాయి. ఆసుపత్రి నోటీసులో నర్సులకు 'ట్వెంటీ ఫోర్ అవర్ షిఫ్ట్స్' అని గీతలు లేకుండా రాశారనుకుందాం. 'ట్వెంటీ ఫోర్-అవర్ షిఫ్ట్స్' అని గీత పెడితే నాలుగేసి గంటల షిఫ్టులు 20, మొత్తం 80 గంటల పని. 'ట్వెంటీ-ఫోర్ అవర్ షిఫ్ట్స్' అంటే గంట చొప్పున 24 షిఫ్టులు, 24 గంటలే. 'ట్వెంటీ-ఫోర్-అవర్ షిఫ్ట్స్' అంటే ఒక్కో షిఫ్టూ రాత్రీ పగలూ కలిపి 24 గంటలు, ఎన్ని షిఫ్టులో చెప్పనేలేదు. నోటీసు చదివిన నర్సు ఎన్ని గంటలు నిలబడాలన్నది గీతను బట్టి ఉంటుంది.

మనవాళ్ళు ఎక్కువగా తప్పేది వయసు దగ్గర. 'ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్' అని రాస్తారు. కుర్రాడి తరవాత వస్తే 'ది బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్' సరైనదే. కుర్రాడి ముందుకు తెస్తే 'ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్'. ఇక్కడ రెండు మార్పులున్నాయి. గీతలు వచ్చాయి, 'ఇయర్స్'లోని బహువచనం పోయింది. లెక్కతో కలిసి విశేషణమైన నామవాచకం ఇంగ్లీషులో మామూలుగా ఏకవచనంలోనే ఉంటుంది. మూడు గంటల సినిమా 'త్రీ-అవర్ ఫిల్మ్' అవుతుంది కానీ 'త్రీ-అవర్స్ ఫిల్మ్' కాదు.

గీత అక్కర్లేని చోటు ఒకటి గుర్తుంచుకోవాలి. 'వైడ్లీ రెడ్ ఆథర్', 'హైలీ పెయిడ్ ఆఫీసర్' వంటి వాటిలో మొదటి మాట 'లీ'తో ముగిసే క్రియావిశేషణం. తాను పక్క మాటకే చెందుతానని ఆ 'లీ' చెబుతూనే ఉంది, గీతకు పని లేదు. అయితే 'లీ' కనిపించగానే గీత తీసేయకండి. 'ఫ్యామిలీ-ఓన్డ్ హోటల్'లోని 'ఫ్యామిలీ' నామవాచకం, దానికి గీత కావాలి.

ఇక హైఫన్ కంటే కాస్త పొడవైన గీత ఎన్ డాష్. 'నోబెల్ ప్రైజ్-విన్నింగ్ ఆథర్' అని మామూలు హైఫన్ పెడితే అది 'ప్రైజ్'ను, 'విన్నింగ్'ను మాత్రమే కడుతుంది, 'నోబెల్' విడిగా మిగిలిపోతుంది. గెలిచింది 'నోబెల్ ప్రైజ్' మొత్తం కదా. విడివిడిగా రాసే రెండు మాటల పేరును ఇంకో మాటతో కట్టాల్సి వచ్చినప్పుడు షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ ఎన్ డాష్ వాడమంటుంది: 'నోబెల్ ప్రైజ్–విన్నింగ్'. అసోసియేటెడ్ ప్రెస్ పద్ధతిలో ఎన్ డాష్ లేదు, అక్కడ హైఫన్‌తోనే సరిపెడతారు. కంప్యూటర్లో కీబోర్డు మీద సున్నా పక్కనుండేది హైఫన్ మాత్రమే. విండోస్‌లో Alt పట్టుకుని నంబర్ ప్యాడ్ మీద 0150 కొడితే ఎన్ డాష్ వస్తుంది. అంతకంటే పొడవైన ఎమ్ డాష్ వాక్యాన్ని మధ్యలో ఆపడానికి, మాటల్ని కట్టడానికి కాదు.

ఈ నియమాలు రాతి మీద చెక్కినవి కావు. పేరున్న రచయిత విషయంలోనే అసోసియేటెడ్ ప్రెస్ చాలా ఏళ్ళు 'ఈజ్' తరవాత కూడా గీత ఉంచమనేది. 2019లో గీతలు తగ్గించే ప్రయత్నంలో 'ఫస్ట్ క్వార్టర్ టచ్‌డౌన్' వంటి అందరికీ అర్థమయ్యే మాటలకు హైఫన్ అక్కర్లేదని చెప్పింది. విమర్శలు రావడంతో అదే ఏడాది సెప్టెంబరులో వెనక్కి తగ్గి ఆ గీతను తిరిగి పెట్టింది. నిఘంటువులదీ అదే దారి. 2007లో వచ్చిన షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఆరో కూర్పు సుమారు 16,000 మాటల్లోంచి హైఫన్లు తీసేసింది. 'ఐస్-క్రీమ్' రెండు మాటలుగా విడిపోయింది, 'బంబుల్-బీ' ఒకే మాటగా కలిసిపోయింది. అయితే అవి చాలావరకు స్థిరపడిన నామవాచకాలు. నామవాచకం ముందు అప్పటికప్పుడు కట్టే విశేషణాలకు హైఫన్ అవసరం అలాగే ఉంది.

ఉద్యోగానికి దరఖాస్తో, ఆఫీసుకు నోటీసో ఇంగ్లీషులో రాసి పంపేముందు ప్రతి నామవాచకం ముందున్న మాటల్ని ఒకసారి చూసుకోండి. తప్పుగా విడదీసి చదవడానికి వీలుంటే గీత పెట్టండి, లేకపోతే వదిలేయండి. మొదటి పేజీలో ఒక మాటకు గీత పెడితే, అదే చోటులో వచ్చినప్పుడు చివరి పేజీలోనూ పెట్టండి.